చూపించడానికైనా పంపొద్దు

చెల్లెళ్లూ, ఈ నెల ముచ్చట ఒక స్కూలు నోటీసు గురించి. మా తోడికోడలి కూతురు ఎనిమిదో తరగతి. వాళ్ల క్లాస్ టీచరమ్మ తల్లిదండ్రులకు ఒక పేజీ నోటీసు రాసి పిల్లల డైరీల్లో అంటించి పంపారు. చదివి, కింద సంతకం పెట్టి పంపమన్నారు. మా తోడికోడలికి కోపం వచ్చింది. "అక్కా, మన పిల్ల అలాంటి పనులు చేసేది కాదు కదా, నాతో సంతకం ఎందుకు పెట్టించుకోవాలి?" అంటూ ఫోన్లోనే మొత్తం చదివి వినిపించింది. వింటూ రాసుకున్నాను. ఇంత పనికొచ్చే కాగితం ఈ మధ్య నా చేతికి రాలేదు కాబట్టి మీకూ చదువుతాను.

"గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం. మన తరగతి పిల్లలు కొందరు తోటివారి ఫోటోల్లోంచి ముఖాలు కత్తిరించి, వేరే బొమ్మలకు అతికించి, స్టిక్కర్లుగా పంపుకుంటున్నారు. అందుకని ఈ నియమాలు పెడుతున్నాం.

1. తోటి విద్యార్థుల, టీచర్ల, ఆయమ్మల, డ్రైవర్ల ఫోటోలను వారిని అడగకుండా మార్చకూడదు. 'సరదాకి చేశాం' అనే సమాధానాన్ని ఒప్పుకోం.

2. ఎవరినైనా బట్టలు లేనట్టుగా, అసభ్యంగా చూపించే బొమ్మను చేయడం, చేయమని అడగడం, దాచుకోవడం, ఇంకొకరికి చూపించడం ఏదీ కుదరదు. ఇలాంటిది జరిగితే స్కూలు తనలో తాను సర్దుబాటు చేయదు, పోలీసులకు చెబుతుంది.

3. అలాంటి బొమ్మ మీ ఫోనుకు వస్తే ఎవరికీ పంపకండి. నాకు చూపించడానికి కూడా పంపకండి. ఫోన్ చేయండి, లేదా ఫోను తీసుకుని రండి.

4. ఎవరి బొమ్మ, ఎవరు చేశారు అనే పేర్లు పేరెంట్స్ గ్రూపులో రాయకండి.

5. ఇకపై స్కూలు కార్యక్రమాల ఫోటోల్లో ఒక్కొక్కరి ముఖం దగ్గరగా కనిపించేవి గ్రూపులో పెట్టం. మీరూ పెట్టకండి.

6. వచ్చి చెప్పిన పిల్లలను శిక్షించం. ముందు పంపించి, తర్వాత తప్పు తెలుసుకుని వచ్చి చెప్పినా మా వైఖరి వేరుగా ఉంటుంది."

ఇదీ నోటీసు. ఇక దాని వెనక కథ వినండి. నవంబరు 14న పిల్లల పండగకి తీసిన గ్రూపు ఫోటో క్లాసు గ్రూపులో పెట్టారు. అందులో కాస్త బొద్దుగా ఉండే అబ్బాయి ఒకడు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆ రాత్రి ఎవరో వాడి ముఖం కత్తిరించి ఐటం పాటలో నర్తకి ఒంటికి అతికించారు. కింద "మా క్లాస్ హీరోయిన్" అని రాశారు. తెల్లారేసరికి అది క్లాసు గ్రూపు నుంచి ట్యూషన్ గ్రూపుకి, అక్కణ్నించి పదో తరగతి వాళ్ల గ్రూపుకీ పోయింది. ఆ అబ్బాయి రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ జీలకర్ర కషాయం తాగించింది, డాక్టరుకీ చూపించింది. బడికి సెలవిచ్చిన రోజున మాత్రం కడుపునొప్పి రావడం లేదని ఆవిడ కొంచెం ఆలస్యంగా గమనించింది. చివరికి సంగతి టీచరమ్మకు చెప్పింది అదే క్లాసులో వేరే అమ్మాయి.

టీచరమ్మ పిలిచి అడిగితే చేసిన ఇద్దరూ ఏమన్నారో తెలుసా? "మేం ఫోటోని ఏమీ చెయ్యలేదు టీచర్, వాట్సాపే కత్తిరించింది." అది కొంతవరకు నిజమే. మన రోజుల్లో ముఖం కత్తిరించాలంటే ఫోటో స్టూడియో కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని జుట్టు అంచుల వెంట గీత గీయాల్సి వచ్చేది. ఇప్పుడు వాట్సాప్‌లో స్టిక్కర్ల దగ్గర కొత్తది చేసుకునే గుర్తు నొక్కి ఫోటో ఎంచుకుంటే మనిషిని అదే విడదీసి ఇస్తుంది. ముఖాన్ని ఇంకో ఒంటికి తగిలించే ఆప్‌లు వేరే ఉన్నాయి. పిల్లలకి అది పని చేసినట్టే అనిపించదు. చెయ్యడానికి అరగంట పట్టే పనిలో "ఇది బాగుంటుందా?" అని ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. అర నిమిషంలో అయిపోయే పనిలో ఆ వ్యవధి దొరకదు. అందుకే పిల్లాడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. మా తోడికోడలికి ముందు చెప్పింది ఇదే.

టీచరమ్మ ఆ ఇద్దరి చేత, తాజాగా పంపినవాటి మీద "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కించారు. అన్ని గ్రూపుల్లోంచీ పోయింది, పీడ విరగడైంది అనుకున్నారు. వారం తిరక్కుండా అదే స్టిక్కరు ఇంకో పిల్లాడి దగ్గర్నుంచి మళ్లీ వచ్చింది. ఎలాగంటారా? స్టిక్కరు ఫోటోలాంటిది కాదమ్మా. వచ్చిన స్టిక్కరుని ఎవరైనా తమ ఇష్టమైన వాటిలో, అదే ఫేవరెట్స్‌లో, చేర్చుకుంటే అది వాళ్ల స్టిక్కర్ల పెట్టెలోకి వెళ్లి కూర్చుంటుంది. పంపినవాడు గ్రూపులోంచి సందేశం తీసేసినా అది అక్కడే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అయితే వచ్చిన స్టిక్కర్లన్నీ WhatsApp Stickers అనే ఫోల్డరులో కూడా పేరుకుంటాయి. పైగా అందరి దగ్గరా తుడిచేసే సౌకర్యం ఎల్లకాలం ఉండదు, పంపి సుమారు రెండు రోజులు దాటితే అది పనిచేయదు. ఇంకో గ్రూపుకి ఎవరైనా పంపి ఉంటే దానికి మన డిలీట్ అసలు వర్తించదు.

రెండోసారి టీచరమ్మ ఏం చేశారంటే, తల్లిదండ్రులను శనివారం పిల్లల ఫోన్లతో రమ్మన్నారు. నల్లబల్ల మీద వరుస రాశారు. స్టిక్కర్ల పెట్టె తెరవాలి, ఆ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకోవాలి, ఫేవరెట్స్ నుంచి తీసేయాలి, ఆ తర్వాత ఫోల్డరులో చూసి అక్కడా చెరిపేయాలి. ఎవరినీ తిట్టలేదు, పేర్లెత్తలేదు. ఆ చిన్న పనితో ఆ బొమ్మ రాక చాలావరకు తగ్గింది. పదో తరగతి వాళ్ల దగ్గర ఇంకా ఎక్కడైనా ఉందేమో ఎవరికీ తెలియదు, ఆవిడ కూడా పూర్తిగా పోయిందని చెప్పలేదు. ఒక్కటి మాత్రం చెప్పారు. ఇలాంటి మామూలు ఎగతాళి స్టిక్కరుకి పోలీసుల పేరు చెప్పి పిల్లలను భయపెట్టొద్దని. దానికి స్కూలు చాలు. చేసినవాళ్లు ఆ అబ్బాయి ఇంటికి పెద్దవాళ్లతో వెళ్లి క్షమాపణ చెప్పారు. రెండు నెలలు క్లాసు గ్రూపులో రాసే వీలు లేకుండా చేశారు. అంతే.

ఇక్కడ మా ఆడపడుచు ఒక మాటంది. "మనం మాత్రం అతికించుకోలేదా వదినా? నాంపల్లి నుమాయిష్‌లో హీరో పక్కన నిలబడ్డట్టు ఫోటో దిగలేదా? మా పెళ్లి ఆల్బమ్‌లో మేమెప్పుడూ చూడని తాజ్‌మహల్ ముందు నిలబెట్టలేదా? ఊళ్లో ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీ చూసినా అరవై తలలు గుండ్రాల్లో అతికించి ఉంటాయి." నిజమే, మనది అతికింపుల దేశమే. కానీ తాజ్‌మహల్ ముందు నిలబెట్టమని ఫోటోగ్రాఫరుకి చెప్పింది మనమే, డబ్బు ఇచ్చిందీ మనమే. ఫ్లెక్సీలో తమ తల లేదని అలిగేవాళ్లున్నారు కానీ, ఉందని బడి మానేసినవాళ్లు లేరు. టీచరమ్మ మొదటి నియమంలో బొమ్మ మంచిదా చెడ్డదా అని అడగలేదు, అడిగి చేశారా అని అడిగారు. పిల్లలకి కూడా ఈ గీత తేలిగ్గా అర్థమవుతుంది. "ఎవరు బాధపడతారో ఆలోచించుకో" అంటే వాళ్లు "వాడేం ఫీల్ కాడమ్మా" అనేస్తారు. "అడిగావా?" అంటే అడిగాననో లేదనో ఒక్క జవాబే ఉంటుంది.

రెండో నియమానికి వద్దాం. ఇది కాస్త బరువైన సంగతి, కానీ మనమే తప్పుకుంటే ఇంకెవరు మాట్లాడతారు? ఆడపిల్ల ముఖాన్ని, కొన్నిసార్లు మగపిల్లాడి ముఖాన్ని, బట్టలు లేని ఒంటికి అతికించడం, లేదా మామూలు ఫోటో ఇస్తే బట్టలు లేనట్టు తయారుచేసే ఆప్‌లు వాడడం. దూరదేశాల్లో జరిగే పనిలెమ్మని అనుకోకండి, అలాగని దూరదేశాల్లో జరగలేదనీ కాదు. 2023 సెప్టెంబరులో స్పెయిన్‌లోని అల్మెంద్రాలెహో అనే చిన్న పట్టణంలో ఇరవై మందికి పైగా ఆడపిల్లలు, పదకొండేళ్ల వాళ్లతో సహా, తమ ముఖాలతో ఉన్న నగ్న చిత్రాలు తోటి పిల్లల ఫోన్లలో తిరుగుతున్నాయని తెలుసుకున్నారు. ఆ ముఖాలు తీసుకున్నది వాళ్ల సొంత ఇన్‌స్టాగ్రామ్ ఫోటోల్లోంచే. అక్కడి తల్లులు నోరు విప్పడంతో సంగతి బయటికి వచ్చింది. 2024 జులైలో పదిహేను మంది మైనర్లకు బాలల కోర్టు ఏడాది పాటు పర్యవేక్షణ విధించింది, ఆడవాళ్లను గౌరవించడం గురించీ, ఫోన్లు సరిగ్గా వాడడం గురించీ తరగతులకు హాజరు కమ్మంది.

మన దగ్గరి సంగతీ గుర్తుందిగా? 2023 నవంబరులో హీరోయిన్ రష్మిక ముఖాన్ని ఇంకొక అమ్మాయి వీడియోకి తగిలించారు. దాన్ని చేశాడని 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు ప్రాంతపు యువకుణ్ని. పోలీసులు చెప్పిన కారణం ఏమిటో తెలుసా? పగ కాదు, డబ్బు కోసం బెదిరింపూ కాదు. తను నడిపే అభిమాన పేజీకి ఫాలోయర్లు పెరగాలని. మన ఎనిమిదో తరగతి పిల్లాడు గ్రూపులో నవ్వుల బొమ్మల కోసం పడే ఆరాటం ఇలాంటిదే.

"అది నిజం ఫోటో కాదు కదా, అతికించిందే కదా, కేసేమిటి?" అని చాలామంది తండ్రులు వాదిస్తారు. పోక్సో చట్టాన్ని 2019లో సవరించినప్పుడు పిల్లల అసభ్య చిత్రం అంటే ఏమిటో రాశారు. నిజం పిల్లలను తీసిందే కాక, కంప్యూటరులో తయారుచేసి నిజం పిల్లల్లా కనిపించేదీ, ఉన్న బొమ్మను మార్చి పిల్లలున్నట్టు చూపించేదీ అందులోకే వస్తుంది. కాబట్టి ఏ తల్లీ తన కూతురి మెడ దగ్గర రంగు తేడా చూపించి, చెవికమ్మలు చూపించి, "ఇది మా పిల్ల ఒళ్లు కాదు" అని నిరూపించుకుంటూ తిరగక్కర్లేదు. ఐటీ చట్టంలో 67బి అని ఒక సెక్షన్ ఉంది. పిల్లలను అలా చూపించే బొమ్మను తయారుచేసినా, పంపినా, వెతికి చూసినా, డౌన్‌లోడ్ చేసినా మొదటిసారే అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. ఇంటర్ రెండో సంవత్సరంలో పద్దెనిమిది నిండిన అన్నయ్య ఉంటే ఆ సెక్షన్ వాడికి పూర్తిగా వర్తిస్తుంది.

మరి పదమూడేళ్ల వాడి సంగతేమిటి? దీని మీద మనలో రెండు రకాల భ్రమలున్నాయి. "చిన్నవాడు, వాడి మీద కేసేమిటి" అని ఒకటి, "జైల్లో పడేస్తారు, వాడి జీవితం అయిపోయింది" అని ఇంకొకటి. రెండూ తప్పే. మన చట్టంలో ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరం కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య అయితే ఆ పిల్లాడికి తను చేసేది అర్థం చేసుకునే తెలివి ఉందా అని చూస్తారు. పన్నెండు దాటి పద్దెనిమిది నిండని వాళ్లు బాలల న్యాయ మండలి ముందుకు వెళతారు. అక్కడ మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, అవసరమైతే ప్రత్యేక గృహం లాంటివి ఉంటాయి కానీ పెద్దవాళ్ల జైలు ఉండదు. ఆ తీర్పు వల్ల సాధారణంగా వాడి చదువుకీ ఉద్యోగానికీ అనర్హత రాకుండా కూడా చట్టం చూసుకుంది. అందుకని ఇలాంటిది తెలిసిన తండ్రి ముందు ఫోను పగలగొట్టి, తర్వాత సంగతి పూడ్చిపెట్టడం వల్ల పిల్లాడికి మేలేమీ జరగదు. అవతలి పిల్లకి మాత్రం ఆధారం పోతుంది.

"స్కూలు తనలో తాను సర్దుబాటు చేయదు" అనే వాక్యం చదివి మా తోడికోడలు "ఎంత కరుకుగా రాసిందో" అంది. కరుకుతనం కాదమ్మా, ఆవిడకి వేరే దారి లేదు. పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల విషయంలో తెలిసీ చెప్పకపోతే ఏడాది వరకు జైలు. మామూలు మనిషి చెప్పకపోయినా ఆరు నెలల వరకు. "మన బడి పరువు, ఆడపిల్ల పరువు, లోపల్లోపల చూసుకుందాం" అని హెడ్‌మాస్టరు గారి గదిలో కూర్చుని బతిమాలే పెద్దమనుషులకి ఈ మాట ముందే తెలిసి ఉండాలి.

ఇక మూడో నియమం. నా లెక్కన నోటీసు మొత్తానికీ ప్రాణం ఇదే. అలాంటి బొమ్మ మన ఫోనుకి వచ్చిందనుకోండి. మన చెయ్యి మొదట ఏం చేస్తుంది? "అయ్యో, చూశావా ఈ ఘోరం" అని చెల్లికి పంపుతుంది. "మేడం, ఇలాంటిది తిరుగుతోంది" అని టీచరుకి పంపుతుంది. మగవాళ్లయితే "వీడెవడో పట్టుకోండి" అని కాలనీ గ్రూపులో పెడతారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అయినా సాయంత్రానికి ఆ పిల్ల బొమ్మ ఎన్ని ఫోన్లలోకి చేరిందో లెక్క ఉండదు, పంపిన ప్రతి చెయ్యీ చట్టం కళ్లలో పడుతుంది. పోలీసులకు ఫిర్యాదు చేయడం కోసం, కోర్టులో ఆధారం కోసం అయితే చట్టం మినహాయింపు ఇచ్చింది. బాధతో నలుగురికి చూపించడానికి ఇవ్వలేదు. స్క్రీన్‌షాట్ తీసుకోవడం కూడా అంతే, అది ఇంకో కాపీ చేసినట్టే. అయితే చూసి ఊరుకుని ఫోన్లో ఉంచేసుకోవడమూ సరికాదు. చెరిపేయకుండా, ఎవరికీ చెప్పకుండా దాచుకుంటే అదీ నేరం కిందికి రావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మరైతే ఏం చేయాలి? టీచరమ్మ మా తోడికోడలికి చెప్పిన వరుస ఇది. ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోవాలి. పంపినవారి పూర్తి ఫోను నంబరు రాయాలి. డీపీ పక్కన కనిపించే పేరు చాలదు, అది రేపు మారిపోతుంది. గ్రూపు పేరు, వచ్చిన తేదీ, టైము రాయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే పైన కనిపించే ముద్దుపేరు కాదు, ఆ ఖాతా యూజర్‌నేమ్ అక్షరం పొల్లుపోకుండా, లింకుతో సహా రాయాలి. మధ్యలో చుక్క ఉందో గీత ఉందో చూసుకోవాలి. ఇవన్నీ రాసుకోకముందే కోపంలో బ్లాక్ చేసి, గ్రూపులోంచి బయటికి వచ్చేసి, వాట్సాప్ తీసేసి మళ్లీ వేసుకునేవాళ్లున్నారు. అప్పుడు పోలీసులకి చూపించడానికి ఏమీ మిగలదు. గ్రూపులో సందేశాలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇంకా తొందరపడాలి. ఆ గడువు 24 గంటలే పెట్టి ఉండవచ్చు కాబట్టి ఆ రోజే వెళ్లాలి. ఫోను అలాగే తీసుకుని స్టేషనుకో సైబర్ క్రైమ్ వాళ్ల దగ్గరికో వెళితే వాళ్లే చూసుకుంటారు. ఎప్పుడు చెరిపేయాలో వాళ్లనే అడగాలి.

ఇంట్లోంచి కదలలేని వాళ్లకి cybercrime.gov.in ఉంది. అందులో ఆడవాళ్లకీ పిల్లలకీ సంబంధించిన ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా రాయవచ్చు, కాకపోతే అలా రాస్తే తర్వాత ఏమైందో కనుక్కునే వీలుండదు. ఆ పిల్ల తల్లి అయితే పేరుతో రాయడమే మంచిది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట పెట్టి ఉంటే అక్కడే రిపోర్ట్ చేయాలి. నగ్నంగా చూపించే బొమ్మలూ, మార్ఫింగ్ బొమ్మలూ బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని 2021లో వచ్చిన ఐటీ నిబంధనలు ఆ సంస్థలకు గడువు పెట్టాయి, 2026లో ఆ గడువును రెండు గంటలకు కుదించారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఒకటి ఉంది, takeitdown.ncmec.org. అమెరికాలో పిల్లల రక్షణ సంస్థ నడుపుతోంది. మన ఫోనులోని బొమ్మ వాళ్లకి చేరదు, దాని గుర్తు సంఖ్య ఒకటి మాత్రమే వెళుతుంది. ఆ సేవలో చేరిన సంస్థలు ఆ గుర్తుతో తమ దగ్గర వెతికి తీసేస్తాయి. దానికీ హద్దు ఉంది. వాట్సాప్ లాంటి తాళం వేసిన సంభాషణల్లో తిరిగేదాన్ని అది పట్టుకోలేదు. అందుకే వాట్సాప్‌లో పంపకుండా ఆపగలిగింది మన వేలు ఒక్కటే.

నాలుగో నియమం మన ఆడవాళ్లకి కొంచెం కష్టం. పేరెంట్స్ గ్రూపులో ఒకావిడ "ఏదో జరిగిందట, ఎవరి పాపట?" అంటుంది. ఇంకొకావిడ "ఆ బీ సెక్షన్‌లో పొడుగు జడ అమ్మాయి" అంటుంది. మరొకరు "పాపం వాళ్ల నాన్న బ్యాంకులో పనిచేస్తాడు" అంటారు. పేరు రాయలేదు కదా అనుకుంటాం. జడ, సెక్షన్, నాన్న ఉద్యోగం కలిపితే పేరు రాసినట్టే. అలాంటి పిల్ల ఎవరో తెలిసేలా ప్రచారం చేయడాన్ని పోక్సో నిషేధించింది. చేసిన పిల్లాడి పేరు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం నిషేధించింది. ఇద్దరూ పిల్లలే కాబట్టి చట్టం ఇద్దరినీ కప్పింది. గ్రూపులో ఎవరైనా మొదలుపెడితే "ఈ సంగతి టీచరమ్మ చూసుకుంటున్నారు, ఇక్కడ వద్దు" అని ఒక్కరు రాస్తే చాలు. అడ్మిన్‌గా ఉన్నావిడ ఆ సందేశాలను అందరి దగ్గరా తీసేయగలదు, ఆ పని వెంటనే చేయాలి.

ఇక అయిదో నియమం, ఫోటోలు. అతికించడానికి కావలసింది ముందు వైపు నుంచి, మంచి వెలుతురులో, దగ్గరగా ఉన్న ముఖం. దాన్ని పిల్లలకంటే ఎక్కువగా పంచిపెట్టేది మనమే. ఓణీల ఫంక్షన్ చేస్తాం, అమ్మాయి ముఖం ఫ్లెక్సీ మీద నిలువెత్తున వేయిస్తాం. ఆల్బమ్ మొత్తం స్టేటస్‌లో పెడతాం. ఫోటోగ్రాఫరు తన పనితనం చూపించుకోవడానికి ఆ రీల్ తన పేజీలో పెట్టుకుంటాడు, మనం దానికి లైకు కొడతాం. వేడుక మానమని నేనట్లేదు. ఫోటోగ్రాఫరుకి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే "మా పిల్ల ఫోటోలు నీ పేజీలో పెట్టకూడదు" అని చెప్పండి, రసీదు మీద రాయించుకోండి. స్టేటస్‌ని కాంటాక్టుల్లో ఉన్న ప్లంబరు దాకా కాకుండా ఎంచుకున్నవాళ్లకే కనిపించేలా పెట్టుకోండి. పిల్లల డీపీలో ముఖం బదులు పూవో పిల్లికూనో పెట్టించండి. అయినా ప్రమాదం పూర్తిగా పోదు, పక్కన కూర్చున్న స్నేహితురాలే ఫోటో తీయగలదు. అందుకని ఎవరి బొమ్మకైనా ఇలా జరిగితే "నువ్వా ఫోటో ఎందుకు పెట్టావు?" అని ఆ పిల్లని అడిగే హక్కు మనకి రాదు. తప్పు అతికించినవాడిది.

చివరి నియమం గురించి మా తోడికోడలు కూతుర్ని నా ఎదుటే అడిగింది. "నీకు అలాంటిది వస్తే నాకు చెబుతావా?" ఆ పిల్ల తడుముకోకుండా "చెప్పను" అంది. "చెబితే నా ఫోను లాక్కుంటావు" అంది. అదమ్మా సంగతి. పిల్లలు దాచేది బొమ్మని కాదు, ఫోనుని కాపాడుకుంటున్నారు. టీచరమ్మ ఆ భయాన్ని ముందే పసిగట్టి, చెప్పినవాళ్లను శిక్షించం అని రాసిచ్చారు. ఇంట్లో కూడా మనం అదే మాట ఇవ్వాలి, ఇచ్చాక నిలబెట్టుకోవాలి. మా తోడికోడలు అక్కడే ఒప్పుకుంది, వచ్చి చెబితే ఫోను తీసుకోనని. ఆ తర్వాత ఆ పిల్ల చాలాసేపు మాట్లాడింది. స్టిక్కరు సంగతి టీచరుకి చెప్పిన అమ్మాయిని క్లాసులో కొందరు "సీసీ కెమెరా" అని పిలుస్తున్నారట. దాన్ని టీచరమ్మ దృష్టికి తీసుకెళ్లడం కూడా ఈ నోటీసు పనిలో భాగమే.

చెల్లెళ్లూ, మీ పిల్లల స్కూలు నుంచి ఇలాంటి నోటీసు వస్తే "మా వాడు అలాంటివాడు కాదు" అని పక్కన పడేయకండి. మూడో నియమాన్ని పిల్లల ముందు బిగ్గరగా చదవండి, ఇంట్లో నాన్నల చేత, తాతయ్యల చేత కూడా చదివించండి, ఎందుకంటే ఎక్కువ ఫార్వర్డులు పంపేది వాళ్లే. నోటీసు రాకపోతే వచ్చే పేరెంట్స్ మీటింగులో మీరే అడగండి. చూపించడానికైనా పంపొద్దనే ఆ ఒక్క వాక్యం, సైబర్ నేరాల నంబరు 1930, పిల్లల నంబరు 1098, ఈ మూడూ పిల్లల డైరీ మొదటి పేజీలో అచ్చువేయించమని హెడ్‌మాస్టరు గారికి రాసివ్వండి.